అమెరికాలో చదువుతున్న పిల్లలకు యాప్‌లో డబ్బు పంపడం ఎలా: రేటు, రుసుము, చేరే రోజు

మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్‌లో చేరిన కొత్తలో ఇంటి అద్దెకు, తిండికి కలిపి 1,500 డాలర్లు కావాలని అడిగింది. ‘రుసుము సున్నా’ అని పెద్ద అక్షరాలతో కనిపించిన ఒక యాప్‌ను ఎంచుకుని, శుక్రవారం సాయంత్రం బడి నుంచి ఇంటికి వచ్చాక తీరిగ్గా పంపాను. తన ఖాతాలో చేరినవి 1,480 డాలర్లు. అవి కూడా అద్దె గడువు దాటిన తర్వాత చేరాయి. తను అప్పటికే స్నేహితురాలి దగ్గర చేబదులు తీసుకుని అద్దె కట్టేసింది. ఊరు కాని ఊరిలో పిల్ల మొదటి నెలలోనే అప్పు చేయాల్సి వచ్చిందే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత శ్రీకాకుళంలో మా వీధివారికీ, బడిలో తోటి ఉపాధ్యాయులకూ చాలామందికి దగ్గర కూర్చుని ఈ పని చేసి పెట్టాను. నేను మొదట ఏ రెండు విషయాలు చూడలేదో, వాటిని ఎలా చూడాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకు అమెరికానే తీసుకున్నాను. వేరే దేశమైతే ఖాతా వివరాలు, సెలవులు మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఏ దారిలో పంపాలి

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లు డబ్బు తీసుకునే దుకాణాలు మనకు తెలుసు కాబట్టి, అక్కడికే వెళ్లి ‘అమెరికాకు పంపండి’ అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ దుకాణాలు నడిచే పథకం కింద విదేశాల నుంచి మన దేశంలోకి డబ్బు రావడానికి మాత్రమే రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. ఇక్కడి నుంచి అటు పంపడానికి లేదు.

మనం పంపేది ఎల్ఆర్ఎస్ అనే పథకం కింద. 2004లో ఈ పథకం మొదలైనప్పుడు ఒక మనిషి ఏడాదికి 25,000 డాలర్లు పంపుకోవచ్చన్నారు. ఇప్పుడు ఆ పరిమితి ఏప్రిల్ నుంచి మార్చి వరకు 2,50,000 డాలర్లు. పాన్ కార్డు తప్పనిసరి. మీ బ్యాంకు సొంత యాప్‌లో పంపవచ్చు, లేదా ఒక బ్యాంకుతో కలిసి పనిచేసే కంపెనీ యాప్‌లో పంపవచ్చు. కంపెనీ యాప్ అయితే వెనుక ఉన్న బ్యాంకు పేరు ఎక్కడ రాసి ఉందో వెతకండి. విదేశీ మారకానికి అనుమతి ఉన్న బ్యాంకు పేరు ఎక్కడా కనిపించకపోతే ఆ యాప్ జోలికి వెళ్లవద్దు.

‘ఇక్కడ నాకు రూపాయలివ్వండి, అక్కడ మావాడు మీ అమ్మాయికి డాలర్లిస్తాడు’ అని చెప్పే తెలిసినవారు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. మంచి ఉద్దేశంతోనే చెప్పినా సరే, ఒప్పుకోకండి. అది విదేశీ మారక చట్టాన్ని ఉల్లంఘించడమే. పంపిన మొత్తానికి మూడింతల వరకు జరిమానా వేయవచ్చని ఆ చట్టంలో ఉంది.

పంపే ముందు పిల్లల నుంచి తెప్పించుకోవాల్సినవి

బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు, ఖాతా నంబరు, బ్యాంకు పేరు, చిరునామా, పిల్లలు ఉంటున్న ఇంటి చిరునామా, స్విఫ్ట్ కోడ్, రౌటింగ్ నంబరు. స్విఫ్ట్ కోడ్‌లో 8 లేదా 11 అక్షరాలుంటాయి. రౌటింగ్ నంబరులో 9 అంకెలుంటాయి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ రౌటింగ్ నంబరు దగ్గరే. అమెరికాలో చాలా బ్యాంకులకు రెండు రౌటింగ్ నంబర్లుంటాయి. చెక్కు అడుగున అచ్చు వేసింది అక్కడి స్థానిక బదిలీలకు పనికొస్తుంది. విదేశాల నుంచి వచ్చే వైరు బదిలీకి వేరే నంబరు ఉండవచ్చు. కాబట్టి ‘చెక్కు మీద చూసి చెప్పు’ అనకండి. తన బ్యాంకు యాప్‌లో వైరు బదిలీ వివరాలున్న పేజీని తెరిచి స్క్రీన్‌షాట్ పంపమనండి. కొన్ని కంపెనీ యాప్‌లు డబ్బును అమెరికాలోని తమ ఖాతా నుంచి స్థానిక బదిలీగా వేస్తాయి. అలాంటి యాప్ అయితే స్థానిక నంబరే అడుగుతుంది. ఏది అడుగుతోందో చూసి దాన్నే ఇవ్వండి.

పేరు విషయంలో మన వైపు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టులో అది చివరికి వెళ్తుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉన్నా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నా, అమెరికా బ్యాంకు ఖాతాలో ఏ వరుసలో ఉందో అదే వరుసలో టైపు చేయండి.

ఎందుకు పంపుతున్నారని అడిగే గడి

యాప్ మిమ్మల్ని ఎ2 ఫారం నింపమంటుంది. అందులో డబ్బు పంపే కారణాన్ని ఎంచుకోవాలి. విదేశంలో చదువుకు, అంటే ఫీజుకూ హాస్టలుకూ అక్కడి ఖర్చులకూ అయితే S0305. చదువు కాకుండా, అక్కడ ఉంటున్న కుటుంబ సభ్యుల పోషణకు అయితే S1301. చదువు కోడ్ పెడితే ప్రవేశ పత్రం, వీసా, పాస్‌పోర్టు ప్రతులు అడుగుతారు. ఆ కాగితాలు అప్‌లోడ్ చేయడానికి బద్ధకించి S1301 పెట్టేవాళ్లను చూశాను. వద్దు. ఆ బద్ధకానికి ఎంత చెల్లించాల్సి వస్తుందో చూడండి.

2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద టీసీఎస్ అనే పన్ను ముందుగా వసూలు చేస్తారు. కుటుంబ పోషణ కింద పంపితే అది 20 శాతం. చదువు కింద పంపితే అంతకంటే చాలా తక్కువ. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యా రుణం నుంచే పంపితే అసలు లేదు. ఇప్పటికే తొమ్మిదిన్నర లక్షలు పంపిన తండ్రి మార్చిలో మరో 1,38,000 రూపాయలు S1301 కింద పంపారనుకోండి. పరిమితి దాటింది 88,000. దాని మీద 17,600 రూపాయలు అదనంగా కట్టాలి. ఆ సొమ్ము పోదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. అయితే అంతవరకు అది మన చేతిలో ఉండదు. ఈ 10 లక్షల లెక్క యాప్‌కు ఒకటి కాదు, అన్ని బ్యాంకులూ యాప్‌లూ కలిపి ఒక్కటే. తల్లికీ తండ్రికీ వేర్వేరు పాన్‌లు ఉంటాయి కాబట్టి, ఇద్దరూ ఎవరి ఖాతాలోని సొంత డబ్బు వాళ్లు పంపితే ఎవరి పరిమితి వాళ్లకే ఉంటుంది.

అసలు లెక్క

టీవీలో, గూగుల్‌లో కనిపించే డాలరు ధర బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధర. ఆ ధరకు మనకు ఎవరూ డాలర్లు ఇవ్వరు. విదేశానికి పంపేవారికి బ్యాంకు వేసేది టీటీ సెల్లింగ్ రేటు. దానికీ గూగుల్ ధరకూ మధ్య ఉన్న తేడాయే బ్యాంకు లాభం. ఈ తేడా రసీదులో విడిగా కనిపించదు. ‘రుసుము సున్నా’ అనే యాప్ తన సంపాదనను ఇక్కడే చూసుకుంటుంది.

నా మొదటి అనుభవం లాంటి లెక్కనే గుండ్రటి అంకెలతో వేద్దాం. గూగుల్‌లో డాలరు 90 రూపాయలు అనుకుందాం. పంపాల్సింది 1,500 డాలర్లు.

మొదటి యాప్ రుసుము సున్నా అంటుంది, రేటు 92.25 ఇస్తుంది. 1,500 డాలర్లకు 1,38,375 రూపాయలు. దీనికి జీఎస్టీ కలుస్తుంది. ఇది పంపే మొత్తం మీద 18 శాతం కాదు, కంగారు పడకండి. లక్ష రూపాయల వరకు మొత్తంలో ఒక శాతాన్ని, లక్ష దాటి 10 లక్షల వరకు 1,000 రూపాయలకు తోడు లక్ష దాటిన భాగంలో అర శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, ఆ విలువ మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ సేవ విలువ సుమారు 1,192 రూపాయలు, జీఎస్టీ సుమారు 215. మొత్తం మీ ఖాతా నుంచి పోయేది 1,38,590 రూపాయలు. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు కోసుకుంటే చేరేది 1,480.

రెండో యాప్ 1,000 రూపాయలు రుసుము, దాని మీద 180 జీఎస్టీ తీసుకుంటుంది, రేటు మాత్రం 90.70 ఇస్తుంది. 1,500 డాలర్లకు 1,36,050. మారకం మీద జీఎస్టీ సుమారు 212. రుసుముతో కలిపి 1,37,442 రూపాయలు. మధ్యలో కోత లేకుండా 1,500 డాలర్లూ చేరతాయి.

ఇప్పుడు ఒకే ఒక భాగహారం చేయండి. మీ ఖాతా నుంచి పోయిన రూపాయలను పిల్లల ఖాతాలో చేరిన డాలర్లతో భాగించండి. మొదటి యాప్‌లో డాలరు 93.64 రూపాయలు పడింది. రెండో దానిలో 91.63. రుసుము లేదన్న యాప్ డాలరుకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంది. 1,500 డాలర్ల మీద అది మూడు వేల రూపాయలు. రేటు, రుసుము, పన్ను విడివిడిగా పోల్చవద్దు. పంపే ముందు చివరి పేజీ వరకు వెళ్లి, పోయే రూపాయలు, చేరే డాలర్లు రెండూ కాగితం మీద రాసుకుని భాగించి, ఇంకో యాప్‌లోనూ అదే సమయంలో అదే పని చేయండి. రేటు గంటగంటకూ మారుతుంది కాబట్టి పొద్దున చూసిన యాప్‌ను సాయంత్రం చూసిన యాప్‌తో పోల్చడం వృథా.

మధ్యలో కోత ఎందుకు పడుతుందంటే, మన బ్యాంకుకు పిల్లల బ్యాంకుతో నేరుగా ఖాతా లేకపోతే డబ్బు ఇంకో బ్యాంకు మీదుగా వెళ్తుంది. ఆ బ్యాంకు తన కూలి తీసుకుంటుంది. దాన్ని ఎవరు భరించాలో యాప్‌లో మూడు అక్షరాల్లో అడుగుతుంది. OUR అంటే మధ్య ఖర్చు మనమే ముందుగా ఇక్కడ కడతాం. SHA అంటే ఇక్కడిది మనం, దారిలోది పిల్లల సొమ్ము నుంచి. BEN అంటే అంతా పిల్లల సొమ్ము నుంచే. కాలేజీ ఫీజుకు ఎప్పుడూ OUR పెట్టండి. 20 డాలర్లు తగ్గినా కాలేజీ లెక్కలో అది బాకీగానే ఉంటుంది. ఇంటి ఖర్చుకు పంపేటప్పుడు రెండూ లెక్క వేసి తక్కువ పడేది చూసుకోవచ్చు. OUR పెట్టినా పిల్లల బ్యాంకు వైరు అందుకున్నందుకు విడిగా రుసుము వేయవచ్చు. విద్యార్థుల ఖాతాలకు కొన్ని బ్యాంకులు అది తీసుకోవు. ఒకసారి అక్కడ అడిగి తెలుసుకోమనండి.

కొత్త యాప్‌లో మొదటిసారి 100 డాలర్లే పంపండి. రుసుము కొంచెం ఎక్కువగా అనిపిస్తుంది, నిజమే. కానీ వివరాలు సరైనవని, ఎంత కోత పడుతుందో, ఎన్ని రోజులు పడుతుందో ఆ ఒక్కసారితో తెలిసిపోతుంది.

చేరే రోజును వెనక నుంచి లెక్కపెట్టండి

యాప్‌లో ‘1 నుంచి 3 పని రోజులు’ అని ఉంటుంది. పని రోజు అంటే ఇక్కడా అక్కడా బ్యాంకులు పనిచేసే రోజు. ఇక్కడ రెండో, నాలుగో శనివారాలు సెలవు. అక్కడ వైరు బదిలీలకు ప్రతి శనివారం సెలవే. వాటికి తోడు అక్కడి పండుగలు మన క్యాలెండర్‌లో ఉండవు.

2026 మే క్యాలెండర్ తీసి చూడండి. అద్దె జూన్ 1న కట్టాలి. అది సోమవారం. దానికి ముందు శని, ఆదివారాలు కాబట్టి డబ్బు మే 29 శుక్రవారానికే అక్కడ చేరాలి. ‘పది రోజుల ముందే పంపేస్తాను’ అని మే 22 శుక్రవారం సాయంత్రం 6 గంటలకు నొక్కారనుకోండి. బ్యాంకు ఆ రోజు గడువు దాటిపోయింది. 23 నాలుగో శనివారం, 24 ఆదివారం. 25 సోమవారం ఇక్కడ పని రోజే కానీ, అమెరికాలో మే చివరి సోమవారం మెమోరియల్ డే, బ్యాంకులకు సెలవు. అక్కడ కదలిక మొదలయ్యేది 26 మంగళవారం. అక్కడి లెక్కలో మూడు పని రోజులు పట్టినా 28 గురువారానికి చేరుతుంది. ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ పది రోజులు అనుకున్నది నిజానికి నాలుగు పని రోజులే. అదే 29 శుక్రవారం సాయంత్రం నొక్కితే జూన్ 1 లోపు చేరే దారే లేదు. నేను మొదటిసారి చేసింది ఇదే.

గడువు అంటే ఆ రోజు లావాదేవీగా తీసుకునే ఆఖరి సమయం. చాలా చోట్ల అది మధ్యాహ్నమే ముగుస్తుంది. మీ యాప్‌లో ఎంతో చూసి గుర్తు పెట్టుకోండి. వేసవిలో మనకు న్యూయార్క్ కంటే తొమ్మిదిన్నర గంటలు ముందు. ఇక్కడ ఉదయం 11 అయితే అక్కడ అర్ధరాత్రి దాటి 1:30. అంటే మంగళవారం ఉదయం పంపిన డబ్బుకు అక్కడి మంగళవారం అంతా ముందుంటుంది. అందుకే మంగళ, బుధవారాల్లో ఉదయం బడికి వెళ్లే ముందే పంపుతాను.

కంపెనీ యాప్ అయితే మీ రూపాయలు ముందు ఆ యాప్ చెప్పిన ఖాతాకు చేరాలి. యూపీఐలో సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు కాబట్టి 1,37,000 అందులో వెళ్లదు. ఆర్‌టీజీఎస్‌కు కనీసం 2 లక్షలు ఉండాలి. మిగిలేది నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్. అయితే మీ బ్యాంకు యాప్‌లో కొత్త ఖాతాను చేర్చిన మొదటి రోజు తక్కువ మొత్తమే పంపనిస్తారు. ఇవన్నీ చూసుకునేలోపు యాప్ మీకు ఖాయం చేసిన రేటు గడువు తీరిపోతుంది, కొత్త రేటు పడుతుంది. కాబట్టి ఆ ఖాతాను ముందు రోజే చేర్చి పెట్టుకుని, రేటు చూసే పని ఆ తర్వాత చేయండి. డబ్బు మీ సొంత ఖాతా నుంచే వెళ్లాలి. తమ్ముడి ఖాతా నుంచి వేస్తే తిప్పి పంపేస్తారు.

పంపాక

యాప్‌లో ‘పూర్తయింది’ అని వస్తే, డబ్బు ఇక్కడి నుంచి బయలుదేరిందని అర్థం. పిల్లల ఖాతాలో చేరిందని కాదు. అందుకే రసీదును వెంటనే దాచుకోండి. మూడు పని రోజులు దాటినా చేరకపోతే బ్యాంకును రెండు వస్తువులు అడగండి. ఒకటి స్విఫ్ట్ ప్రతి, అంటే మన బ్యాంకు పంపిన స్విఫ్ట్ సందేశం నకలు. డబ్బు ఏ వివరాలతో ఏ బ్యాంకుకు వెళ్లిందో అందులో ఉంటుంది. రెండోది యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తు. దాన్ని పిల్లలు తమ బ్యాంకుకు ఇస్తే డబ్బు దారిలో ఎక్కడ ఆగిందో వాళ్లు వెతకగలరు. ‘పంపేశామండీ’ అనే జవాబుతో ఫోను పెట్టేయవద్దు. ఈ రెండూ చేతికి వచ్చేదాకా అడగండి.

స్విఫ్ట్ ప్రతిలో ముందుగా పేరు, ఖాతా నంబరు సరిపోల్చండి. ఒక అక్షరం తప్పినా అక్కడి బ్యాంకు ఆ డబ్బును పక్కన పెట్టవచ్చు. పొరపాటు కనిపిస్తే వెంటనే సవరణ అడగండి. వెనక్కి పంపేదాకా ఆగితే నష్టం పెద్దది, ఎందుకంటే తిరిగి వచ్చిన డాలర్లను బ్యాంకు తక్కువ ధరకు, అంటే కొనుగోలు రేటుకు, రూపాయల్లోకి మారుస్తుంది. వెళ్లేటప్పుడు 92.25కు కొన్న డాలరుకు తిరిగి వచ్చేటప్పుడు 88 చేతికి రావచ్చు. 1,480 డాలర్ల మీద ఆ తేడా ఒక్కటే ఆరు వేల రూపాయలు దాటుతుంది. మళ్లీ పంపడానికి మళ్లీ రుసుము, మళ్లీ మూడు పని రోజులు. ఈలోపు అద్దె గడువు దగ్గరపడితే, పిల్లలు ఇంటి యజమానికి స్విఫ్ట్ ప్రతి చూపించి రెండు రోజులు గడువు అడగవచ్చు. మా అమ్మాయి రెండోసారి అలాగే చేసింది, ఆయన ఒప్పుకున్నారు.